టీబీ ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్: "95 శాతం" అన్న అంకెను మా ఆసుపత్రిలో ఎలా పరీక్షించాలి?

కొండగాలి · జూన్ 3, రాత్రి 9:40

మాది ఏజెన్సీ ప్రాంతాన్ని ఆనుకుని ఉన్న రెండు వందల పడకల ఆసుపత్రి. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ గుర్తులను పట్టే ఒక సాఫ్ట్‌వేరును కొనాలా వద్దా అని తేల్చే కమిటీలో నేను ఫిజీషియన్‌గా ఉన్నాను. మాకు రేడియాలజిస్టు వారానికి రెండు రోజులే వస్తారు, మిగిలిన రోజుల్లో ఫిల్ములు డ్యూటీ డాక్టర్లే చూసుకుంటారు. ఈ సాఫ్ట్‌వేరు ప్రతి ఫిల్ముకూ 0 నుంచి 100 లోపు ఒక స్కోరు ఇస్తుంది. స్కోరు 50 దాటితే కఫాన్ని ట్రూనాట్ పరీక్షకు పంపాలని, దాటకపోతే పంపనక్కర లేదని ప్రతిపాదన. ట్రూనాట్ చిప్పులు మాకు ఎప్పుడూ సరిపోవు కాబట్టే ఈ వడపోత ఆలోచన వచ్చింది.

కంపెనీవారు రెండు నెలలపాటు ఉచితంగా నడిపి చూపించారు. దగ్గుతో వచ్చిన 900 మందిలో 180 మందికి స్కోరు 50 దాటింది. వారందరికీ ట్రూనాట్ చేయిస్తే 38 మందికి టీబీ తేలింది. స్కోరు తక్కువ వచ్చిన 720 మందిలో మా డాక్టర్లకు అనుమానం కలిగిన 30 మందికి మాత్రం పరీక్ష చేయించాం, అందులో ఇద్దరికి టీబీ ఉంది. మొత్తం 40 కేసుల్లో 38 పట్టింది కాబట్టి సెన్సిటివిటీ 95 శాతమని నివేదిక ఇచ్చారు. వారి కరపత్రంలో ఉన్నదీ అదే 95. కమిటీలో అందరూ సంతకానికి సిద్ధంగా ఉన్నారు. నాకు మాత్రం ఈ లెక్కలో ఏదో కుదరడం లేదనిపిస్తోంది, ఏమిటో చెప్పలేకపోతున్నాను. తెలిసినవారు చెప్పగలరా?

కోడ్‌కారం · జూన్ 3, రాత్రి 10:15

నేను హైదరాబాదులో ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ రంగంలోనే పనిచేస్తాను, ఈ కంపెనీలో మాత్రం కాదు. కరపత్రంలో చెప్పిన అంకె మీ దగ్గర కూడా వచ్చిందంటే అది మంచి సూచనే, ఎందుకంటే చాలా మోడళ్లు కొత్త ఆసుపత్రికి వచ్చేసరికి పది పదిహేను పాయింట్లు జారతాయి. ఏయూసీ ఎంత వచ్చిందో కూడా అడగండి, అది 0.9 దాటితే నేనైతే ఆందోళన పడను. పైగా ఇది డాక్టరును తీసేసే పరికరం కాదు కదా. ఫిల్మును ఎలాగూ డాక్టరు చూస్తారు కాబట్టి మోడల్ వదిలేసినవి ఆయన చేతిలో పడతాయి. ఫాల్స్ నెగటివ్ గురించి మరీ భయపడాల్సిన పని లేదని నా అభిప్రాయం.

లెక్కల_పంతులు · జూన్ 4, ఉదయం 6:50

కొండగాలి గారూ, మీకు కుదరనిది 690 అన్న అంకె. స్కోరు తక్కువ వచ్చిన 720 మందిలో 30 మందికే పరీక్ష జరిగింది. మిగిలిన 690 మందికి టీబీ ఉందో లేదో ఎవరికీ తెలియదు, కానీ నివేదిక వారందరికీ లేదనే లెక్క కట్టింది. గంప ఎత్తి చూడకుండా కోడిపిల్లల లెక్క సరిపోయింది అన్నట్టు ఉంది.

ఆ 690 మందిలో యాభై మందికి ఒక్కరి చొప్పున టీబీ ఉందనుకోండి. దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవారిలో అది పెద్ద అంకె కాదు. అప్పుడు దాదాపు 14 మంది బయటపడకుండా ఇంటికి వెళ్లినట్టు. మీకు తెలిసిన 40కి ఆ 14 కలిపితే అసలు కేసులు 54, సాఫ్ట్‌వేరు పట్టినవి 38, అంటే 70 శాతం. ఒక్క రోగి ఫిల్ము కూడా మారకుండానే 95 కాస్తా 70 అయింది. అందరినీ పరీక్షించకుండా, సాఫ్ట్‌వేరు చెయ్యి చూపినవారినే పరీక్షించినప్పుడు సెన్సిటివిటీ ఎప్పుడూ ఉన్నదానికన్నా పెద్దగానే కనిపిస్తుంది. కరపత్రంతో సరిపోయిందన్న మాట కూడా అందుకే నాకు ఊరట కలిగించదు, అక్కడ ఎవరిని పరీక్షించారో మనకు తెలియదు.

ఆ 40 కేసులనే నిజమని ఒప్పుకున్నా, 40లో 38 అంటే అసలు విలువ సుమారు 83 నుంచి 99 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. నూటికి ఒక్కరు తప్పిపోవడానికీ పదిహేడు మంది తప్పిపోవడానికీ మధ్య ఎక్కడున్నామో తెలియకుండా సంతకం ఎలా పెడతారు?

దీనికి ఖర్చు తక్కువైన మార్గం ఒకటుంది. స్కోరు దాటిన వారందరికీ పరీక్ష చేయండి. దాటని వారిలో రిజిస్టరు వరుస ప్రకారం ప్రతి నాలుగో మనిషికీ, డాక్టరుకు అనుమానం ఉన్నా లేకపోయినా, పరీక్ష చేయండి. అక్కడ దొరికిన కేసులను నాలుగుతో గుణిస్తే తప్పిపోయినవాటి అంచనా వస్తుంది. "ప్రతి నాలుగో మనిషి" అన్నది మాత్రం కచ్చితంగా పాటించాలి. ఈయన బలహీనంగా ఉన్నారు, ఈమె దూరం నుంచి వచ్చారు అని ఎంచుకోవడం మొదలైతే మళ్లీ మొదటికే వస్తాం. డాక్టరు తన అనుమానంతో పంపేవారిని పంపకుండా ఆపకూడదు, కానీ వారిని వేరే వరుసలో రాసుకోవాలి.

వాకిలి_వైద్యుడు · జూన్ 4, ఉదయం 8:05

పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుగా పదకొండేళ్లుగా ఉన్నాను. లెక్క సంగతి పంతులు గారు చెప్పారు, నాది అంతకుముందు అడగాల్సిన ప్రశ్న. రెండు వారాలకు మించి దగ్గు ఉన్న మనిషికి ఎక్స్‌రే ఎలా ఉన్నా కఫం పరీక్ష చేయించాలన్నది జాతీయ కార్యక్రమం నియమం. జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం ఉన్నా అంతే. మరి మీ ఆసుపత్రి స్కోరు తక్కువ వచ్చిందని కఫం పంపకపోతే, సాఫ్ట్‌వేరు మంచిదా చెడ్డదా అన్న చర్చకు ముందే ఒక తప్పు జరుగుతున్నట్టే.

స్కోరు తక్కువ వస్తే తర్వాత ఏం జరుగుతుందన్నది ముందు కాగితం మీద రాసుకోండి. కఫం ఎలాగూ వెళ్తుంది, స్కోరు వల్ల ముందు ఎవరిని పిలవాలో మాత్రమే తేలుతుంది అనుకుంటే, మోడల్ వదిలేసిన మనిషికి ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. కఫమే వెళ్లదు అనుకుంటే ఆ మనిషి మరో మూడు నెలలు ఇంట్లో పిల్లల మధ్య దగ్గుతూ ఉంటాడు. ఒకే తప్పుకు రెండు చోట్ల రెండు ధరలు పడతాయి. ఎంత సెన్సిటివిటీ కావాలన్నది అది తేలాకే చెప్పగలం.

ఇంకో మాట. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేరుకు ఆమోదం తెలిపింది 15 ఏళ్లు, ఆ పైబడినవారికే. మీ 900 మందిలో పిల్లలు ఎంతమంది?

కొండగాలి · జూన్ 4, మధ్యాహ్నం 1:30

వాకిలి గారూ, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, 61 మంది పిల్లలు ఉన్నారు. నెలకు వచ్చే చిప్పులు ఇరవయ్యో తేదీకి అయిపోతుంటే నియమం గోడ మీద కాగితంగా మిగిలిపోతోంది, అదీ నిజమే. ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషికి "చిప్పులు లేవు, వచ్చే నెల రండి" అని చెప్పడం కన్నా ఏదో ఒక వడపోత నయమనిపించి ఈ ఆలోచన చేశాం.

ప్లేటుమోత · జూన్ 4, సాయంత్రం 7:10

రేడియోగ్రాఫరును. పెద్దవాళ్లు లెక్కలు మాట్లాడుతున్నారు, నేను ఫిల్ము సాఫ్ట్‌వేరు దగ్గరికి ఎలా చేరుతుందో అడుగుతాను. మీ యంత్రం నుంచి డైకామ్ ఫైలు నేరుగా వెళ్తోందా, లేక ఎవరైనా తెర మీద తెరిచి జేపెగ్‌గా సేవ్ చేసి పంపుతున్నారా? మేము గతంలో పనిచేసిన చోట రెండోదే జరిగేది. తెర మీద ఎవరు వెలుతురు ఎంత పెంచుకున్నారో అదే ఫైలులో ముద్రపడిపోయేది. ఒకే మనిషి ఫిల్మును ఉదయం షిఫ్టు వాళ్లు, సాయంత్రం షిఫ్టు వాళ్లు సేవ్ చేసి పంపితే రెండు వేరు స్కోర్లు వచ్చాయి.

ఇంకో రోజు వార్డుల్లో తిప్పే పాత సీఆర్ యూనిట్ నుంచి వచ్చిన ఫిల్ములన్నీ అర్థంలేని స్కోర్లు చూపించాయి. ఆ యూనిట్ నలుపు తెలుపులను తిరగేసి నిల్వ చేస్తుంది. మా తెర దాన్ని గమనించి సరిచేసి చూపిస్తుంది కాబట్టి మా కళ్లకు తేడా తెలియలేదు, సాఫ్ట్‌వేరుకు మాత్రం ఎముకలు నల్లగా, గాలి తెల్లగా వెళ్తోంది. ప్రతి యంత్రం నుంచి ఒక్కో ఫైలు తీసుకుని ఇలా చూసుకుంటే తెలిసిపోతుంది:

```
dcmdump +P 0028,0004 film.dcm
```

MONOCHROME1 అని వస్తే తిరగేసినట్టు, MONOCHROME2 అయితే మామూలు. మొదటిది వచ్చినా సాఫ్ట్‌వేరు దాన్ని సరిగ్గా చదువుతుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఫిల్ములను కూడా నిలబెట్టి తీసినవాటితో కలపకుండా విడిగా లెక్కించండి, పడుకోబెట్టినప్పుడు గుండె నీడ పెద్దదై వెనకున్న ఊపిరితిత్తిని కమ్మేస్తుంది.

పేటమనిషి · జూన్ 4, రాత్రి 9:00

నేను డాక్టరును కాదు, అయినా ఒకటి అడగాలనిపించింది. మా అమ్మకు రెండేళ్ల క్రితం నడుం నొప్పితో పాటు జ్వరం వస్తుండేది. ఒక సెంటరులో ఛాతీ ఎక్స్‌రే తీసి కంప్యూటరు రిపోర్టు ఇచ్చారు, "టీబీ నెగటివ్, నార్మల్" అని ఉంది. ఐదు నెలల తర్వాత ఎమ్మారైలో వెన్నెముక టీబీ అని తేలింది. అంటే ఆ కంప్యూటరు తప్పు చెప్పినట్టే కదా? ఇలాంటివి కూడా మీరు చెప్పే ఫాల్స్ నెగటివ్ లెక్కలోకి వస్తాయా?

చీకటిగది · జూన్ 4, రాత్రి 11:20

పేటమనిషి గారూ, మీ అమ్మగారు ఇప్పుడు కోలుకున్నారని ఆశిస్తున్నాను. ఆ సాఫ్ట్‌వేరు ఊపిరితిత్తులను మాత్రమే చూస్తుంది, వెన్నెముక టీబీని పట్టడం దాని పని కాదు కాబట్టి గణాంకాల లెక్కలో అది దాని తప్పు కిందికి రాదు. కానీ మీ ప్రశ్న తప్పేమీ కాదు. "నార్మల్" అన్న మాట ఆ కాగితం మీద ఉండకూడదు. టీబీ ఒక్కదాని కోసమే వెతికే సాఫ్ట్‌వేరు, ఊపిరితిత్తిలో గడ్డ ఉన్నా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, తన స్కోరు తక్కువేనని చెప్పి ఊరుకుంటుంది. అలసిపోయిన డ్యూటీ డాక్టరు ఆ తక్కువ స్కోరును "ఏమీ లేదు" అని చదువుతాడు. నేను ఇరవై ఆరేళ్లుగా రేడియాలజీలో ఉన్నాను, నేనూ ఒకటి రెండుసార్లు అలా చదివాను. కొండగాలి గారూ, మీ ఆసుపత్రికి ఇచ్చే తెరలో ఆ చోట ఏ మాట వస్తుందో చూసి, "ఊపిరితిత్తుల టీబీ స్కోరు తక్కువ, ఫిల్మును డాక్టరు చదవాలి" అన్న అర్థం వచ్చేలా మార్పించండి. మార్చమంటే కంపెనీలు మారుస్తాయి.

ఇక కోడ్‌కారం గారి మాటకు వస్తాను. డాక్టరు ఎలాగూ చూస్తారు కాబట్టి తప్పిపోయినవి దొరుకుతాయన్నది సగం నిజం. డాక్టరు ఫిల్మును స్కోరుకు ముందు చూస్తున్నాడా, తర్వాతా అన్నదాని మీద మిగతా సగం ఆధారపడి ఉంది. 2023లో జర్మనీలో 27 మంది రేడియాలజిస్టులకు మామోగ్రాములు ఇచ్చి, కొన్నింటికి కావాలనే తప్పు సలహాను ఏఐ సలహాగా చూపించారు. బాగా అనుభవం ఉన్నవారు కూడా సలహా సరిగ్గా ఉన్నప్పుడు 82 శాతం ఫిల్ములకు సరైన వర్గం ఇస్తే, సలహా తప్పుగా ఉన్నప్పుడు 45 శాతానికి పడిపోయారు. కొత్తవారు 20 శాతానికి దిగారు. తెర మీద పచ్చరంగు కనిపించాక కళ్లు వెతకడం మానేస్తాయి.

కాబట్టి మా యూనిట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. డాక్టరు ముందు తన అభిప్రాయాన్ని ఒక్క ముక్కలో రాస్తాడు: టీబీ అనుమానం ఉంది, లేదు, ఇంకేదో ఉంది. అది రాశాకే స్కోరు తెరుచుకుంటుంది. ఇద్దరూ లేదంటే తప్ప కఫం ఆపం, ఎవరు ఉందన్నా పంపుతాం. స్కోరు చూశాక డాక్టరు మనసు మార్చుకుంటే మొదటి రాతను చెరపకుండా పక్కన రెండో రాత రాస్తాడు. ఆ రెండు రాతల మధ్య తేడాను నెలకోసారి చూస్తే, ఎవరు సాఫ్ట్‌వేరు వెనక నడవడం మొదలుపెట్టారో తెలిసిపోతుంది. దీనికి ఫిల్ముకు ఇరవై ముప్పై సెకన్లు ఎక్కువ పడుతుంది, డాక్టర్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

కోడ్‌కారం · జూన్ 5, ఉదయం 9:30

చీకటిగది గారి మాటకు తలవంచుతున్నాను, మేం ఉత్పత్తి చేసేవైపు నుంచి అది సరిగ్గా కనిపించదు. అయితే నా వైపు నుంచి ఇంకోటి చెప్పాలి. సాఫ్ట్‌వేరు వెర్షను మారితే స్కోరు అర్థం మారిపోతుంది. పాత వెర్షనులో 50 వచ్చిన ఫిల్ముకు కొత్తదానిలో 37 రావచ్చు, మొత్తంగా చూస్తే కొత్తదే మెరుగైనా సరే. కాబట్టి ఒప్పందంలో వెర్షనును బిగించండి. మీకు చెప్పకుండా అప్‌డేట్ చేయకూడదని, ప్రతి స్కోరు పక్కన వెర్షను నమోదు కావాలని రాయించండి. టీబీ ఉందో లేదో రుజువైన ఓ వంద ఫిల్ములను భద్రంగా దాచుకోండి, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా వాటినే మళ్లీ నడిపి స్కోర్లు పోల్చవచ్చు. ఆ ఫిల్ములను కంపెనీకి ఇవ్వకండి, ఇస్తే అవి వారి శిక్షణలో కలిసిపోతాయి.

2018లో అమెరికాలో న్యుమోనియా మోడళ్ల మీద చేసిన ఒక పరిశీలన మా రంగంలో అందరికీ తెలుసు. ఆ మోడల్ ఫిల్మును చూసి అది ఏ ఆసుపత్రిదో దాదాపు తప్పు లేకుండా చెప్పగలిగింది. జబ్బు ఎక్కువున్న ఆసుపత్రి ఫిల్ము అయితే చాలు, జబ్బు ఉందనే వైపు మొగ్గేది. అందుకే సొంత ఊళ్లో వచ్చిన అంకెను పొరుగూరికి తీసుకెళ్లకూడదు. నిన్న నేను రాసిన ఏయూసీ మాట అంత తొందరగా అనాల్సింది కాదు. అది అన్ని థ్రెషోల్డులనూ కలిపి చెప్పే అంకె, మీ 50 దగ్గర ఎంతమంది తప్పిపోతారో అది చెప్పదు.

కఫం_డబ్బా · జూన్ 5, మధ్యాహ్నం 12:45

ల్యాబ్ టెక్నీషియనును. అందరూ ట్రూనాట్ ఫలితాన్ని తీర్పులా తీసుకుంటున్నారు. నా బల్ల దగ్గరికి వచ్చే డబ్బాల్లో చాలావాటిలో కఫం ఉండదు, ఉమ్ము ఉంటుంది. నురుగుతో పల్చగా ఉన్న ఉమ్మును పరీక్షిస్తే నెగటివే వస్తుంది, జబ్బు ఉన్నా సరే. అప్పుడు స్కోరు తక్కువ, పరీక్ష నెగటివ్, రెండూ కలిసి సాఫ్ట్‌వేరు సరిగ్గా చెప్పిందని లెక్కలోకి పోతుంది. పంతులు గారు చెప్పిన ప్రతి నాలుగో మనిషి విషయంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే వారికి కఫం పెద్దగా రాదు, నర్సు డబ్బా ఇచ్చి త్వరగా తెమ్మంటుంది. ఈ పరిశీలన జరిగినన్ని రోజులు డబ్బా మీద "చిక్కగా", "ఉమ్ము" అని రాయించండి. ఉమ్ము అయితే మర్నాడు తెల్లవారుజామున నిద్ర లేవగానే వచ్చే కఫం తెప్పించండి. అదీ రాకపోతే ఆ మనిషిని "తేలలేదు" అని విడిగా పెట్టండి, నెగటివ్ కుప్పలో కలపకండి.

లెక్కల_పంతులు · జూన్ 5, మధ్యాహ్నం 1:10

కఫం_డబ్బా గారి మాట నా లెక్కలో లేదు, ఉండాల్సింది. "తేలలేదు" అన్నవారు పదిలో ఒకరిని మించితే ఫలితాన్ని రెండు రకాలుగా, వారిలో ఎవరికీ లేదనుకుని ఒకసారి, కొందరికి ఉందనుకుని ఒకసారి చూపించండి.

కొండగాలి · ఆగస్టు 11, రాత్రి 10:05

రెండు నెలలు ఆలస్యంగా తిరిగి వస్తున్నాను, చెప్పినవన్నీ చేసి వచ్చాను. జిల్లా టీబీ అధికారిని అడిగి ఈ పనికి విడిగా చిప్పులు తెచ్చుకున్నాం. స్కోరు ఎవరికీ కనిపించకుండా ఎనిమిది వారాలు నడిపాం, డాక్టరు రాత ముందు, స్కోరు తర్వాత ఒక మూసిన రిజిస్టరులో. 15 ఏళ్ల లోపువారిని తీసేశాం. ప్లేటుమోత గారు చెప్పిన కమాండుతో చూస్తే మా వార్డు యూనిట్ కూడా తిరగేసే రకమే. అయితే సాఫ్ట్‌వేరు దాన్ని సరిగ్గానే చదువుతోందని ఒకే మనిషికి రెండు యంత్రాల మీద తీసిన పది జతలతో నిర్ధారించుకున్నాం.

మొత్తం 520 మంది. స్కోరు 50 దాటినవారు 104, వారిలో టీబీ తేలినవారు 24. దాటనివారు 416, అందులో ప్రతి నాలుగో మనిషి చొప్పున 104 మందికి పరీక్ష చేస్తే ముగ్గురికి టీబీ. నాలుగుతో గుణిస్తే 12. అంటే సుమారు 36 కేసుల్లో పట్టినవి 24, 67 శాతం. కమిటీ గదిలో ఈ అంకె చదివినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ ముగ్గురి ఫిల్ములనూ మా రేడియాలజిస్టుతో కలిసి కూర్చుని చూశాను. ఇద్దరి స్కోర్లు 41, 34. మూడో ఆమెది 8. ఆమెకు చక్కెర వ్యాధి ఉంది, నీడ పై భాగంలో కాకుండా కింద, ఎడమవైపు గుండె వెనక ఉంది. మా డ్యూటీ డాక్టరు స్కోరు చూడకముందే "గుండె వెనక ఏదో ఉంది" అని రాశాడు. స్కోరు చూశాక రాసి ఉంటే ఆ మాట రాసేవాడా అని అతన్నే అడిగాను, నవ్వి ఊరుకున్నాడు. 41 వచ్చిన మనిషిని కూడా అతను పట్టాడు. 34 వచ్చిన కుర్రవాడి ఫిల్మును డాక్టరూ వదిలేశాడు, సాఫ్ట్‌వేరూ వదిలేసింది.

థ్రెషోల్డును 30కి దించి అదే లెక్క మళ్లీ వేశాం. అప్పుడు పట్టేవి 36లో 32, అంటే 89 శాతం. కానీ స్కోరు దాటేవారు 104 నుంచి 180కి పెరుగుతారు, వారానికి పది చిప్పులు ఎక్కువ. టీబీ లేనివారిలో సరిగ్గా "లేదు" అన్నది 83 నుంచి 69 శాతానికి తగ్గింది. ఇలాంటి ముందస్తు వడపోతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసంగా పెట్టుకున్న గీత 90, 70. అంటే గీత పక్కనే ఉన్నాం. 30తో కొనవచ్చా?

లెక్కల_పంతులు · ఆగస్టు 12, ఉదయం 6:30

బాగా చేశారు. కానీ 30 అన్న అంకెను ఇదే 520 మందిని చూసి ఎంచుకున్నారు, ఇదే 520 మంది మీద దాన్ని కొలిచారు. చొక్కా కుట్టించుకున్న మనిషికే తొడిగి సరిపోయిందన్నట్టు. పైగా ఆ 89 అన్నది ముగ్గురు మనుషుల మీద నిలబడి ఉంది, పట్టుబడిన ఇద్దరిలో ఒక్కరి స్కోరు 30కి కింద పడి ఉంటే అది 78కి జారేది. థ్రెషోల్డును 30 దగ్గర బిగించి, మళ్లీ ముట్టుకోకుండా, కొత్త వారాల రోగుల మీద ఒకసారి చూడండి. ఈసారి ప్రతి నాలుగో మనిషి కాకుండా ప్రతి రెండో మనిషి అయితే మేలు.

వాకిలి_వైద్యుడు · ఆగస్టు 12, ఉదయం 8:20

చక్కెర వ్యాధి ఉన్నవారికి స్కోరుతో సంబంధం లేకుండా కఫం పంపేయండి. వారికి టీబీ నీడ ఊపిరితిత్తి కింది భాగంలో రావడం మేము తరచూ చూస్తాం. హెచ్‌ఐవీ ఉన్నవారి ఫిల్ము దాదాపు శుభ్రంగా ఉండి కూడా కఫం పాజిటివ్ వస్తుంది, వారిని కూడా ఈ వడపోతలోకి రానివ్వకండి. ఈ రెండు రకాల వారినీ పక్కకు తీస్తే మీ అంకె ఎంతవుతుందో చూడాలి.

చీకటిగది · ఆగస్టు 12, రాత్రి 10:50

పంతులు గారితో ఏకీభవిస్తూనే ఒక చోట విభేదిస్తాను. ఇంకో ఎనిమిది వారాలు ఆగే లోపల ఆ 34 కుర్రవాడిలాంటివాళ్లు ఇప్పుడున్న పద్ధతిలోనూ తప్పిపోతూనే ఉంటారు, ఎందుకంటే డాక్టరు ఒక్కడే చూసినా వదిలేశాడు. 30 దగ్గర బిగించి, ఇద్దరిలో ఎవరు అనుమానించినా కఫం పంపే నియమంతో ఈ నెల నుంచే వాడటం మొదలుపెట్టండి. దాటనివారిలో ప్రతి రెండో మనిషి పరీక్ష ఆగకుండా దాని పక్కనే నడవనివ్వండి. అలా వాడితే సాఫ్ట్‌వేరు కొత్తగా ఎవరినీ ఆపదు, కొందరిని కలుపుతుంది. కఫాన్ని ఆపే హక్కు మాత్రం దానికి ఇప్పుడే ఇవ్వకండి.

లెక్కల_పంతులు · ఆగస్టు 13, ఉదయం 6:15

అలా వాడటానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్క భయం ఉంది: ఆరు నెలల తర్వాత చిప్పులు కరువైన వారంలో ఎవరో "స్కోరు తక్కువే కదా" అని ఆపడం మొదలుపెడతారు, ఆ మార్పు ఏ కాగితం మీదా ఉండదు.

కఫం_డబ్బా · ఆగస్టు 13, మధ్యాహ్నం 12:30

అదే నేనూ అడగబోతున్నాను. జిల్లా నుంచి వచ్చిన ఆ విడి చిప్పులు పరిశీలన అయిపోయాక కూడా వస్తాయా? వారానికి పది అదనంగా అంటున్నారు, ప్రతి రెండో మనిషి పరీక్ష దాని మీద ఇంకో ఇరవై. మా దగ్గరున్న యంత్రంలో ఒకసారికి రెండు నమూనాలే పెట్టగలం, గంటకు అటూ ఇటూగా పడుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత ల్యాబులో ఎవరు ఉంటారో కమిటీ ముందే తేల్చుకుందా?

కొండగాలి · ఆగస్టు 13, రాత్రి 9:15

తేల్చుకోలేదు. చిప్పుల సంగతి సెప్టెంబరు వరకే మాట ఇచ్చారు. చీకటిగది గారి నియమాన్ని రేపటి కమిటీ ముందు పెడుతున్నాను, పంతులు గారి భయాన్ని కూడా అదే కాగితంలో రెండో పేరాగా రాశాను. కఫం ఆపాలంటే ఫిజీషియన్ సంతకం తప్పనిసరి అని, ఆ సంతకాల రిజిస్టరును నెలకోసారి రేడియాలజిస్టు చూడాలని చేర్చాను. సాయంత్రం ల్యాబు గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీ ఆసుపత్రుల్లో ఎలా నడుపుతున్నారో ఎవరైనా చెబితే రేపు ఉదయం పదకొండు లోపు చూస్తాను.